పాటలంటే గిట్టని మనిషికి ఏ మ్యూజికల్?

2007లో టిమ్ బర్టన్ తీసిన 'స్వీనీ టాడ్' ట్రైలర్ చూసి హాలుకు వెళ్ళినవాళ్ళలో చాలామంది లోపల కంగుతిన్నారు. ట్రైలర్‌లో జానీ డెప్ ఉన్నాడు, మంగలి కత్తి ఉంది, నెత్తురు ఉంది. పాట మాత్రం దాదాపు లేదు. తీరా చూస్తే సినిమాలో చాలా భాగం పాటల్లోనే నడుస్తుంది. స్టీఫెన్ సోండ్‌హైమ్ 1979లో రంగస్థలం కోసం రాసిన మ్యూజికల్ అది. ఆ తర్వాత 2023లో 'వోంకా', 2024లో 'మీన్ గర్ల్స్' ట్రైలర్లు కూడా ఇదే దాగుడుమూత ఆడాయి. పాత్రలు పాడతాయని ముందే తెలిస్తే గడప తొక్కని జనం బాగానే ఉన్నారని హాలీవుడ్‌కు తెలుసు. మన దగ్గర సినిమాకు నెలల ముందే లిరికల్ వీడియోలు వదిలి ఊరిస్తారు. అక్కడ పాట ఉందన్న సంగతే దాచిపెడతారు.

దాచడం నిర్మాతల అవసరం. చూసేవాళ్ళ అవసరం వేరు. ఇంట్లో ఒకరికి మ్యూజికల్స్ అంటే ప్రాణం, పక్కవాళ్ళకు పాట మొదలైతే చాలు, చిరాకు. ఇద్దరూ కలిసి చూడాలి. వేసవికి అమెరికా వచ్చిన తల్లిదండ్రులను న్యూజెర్సీ నుంచి న్యూయార్క్ తీసుకువెళ్ళి బ్రాడ్‌వే చూపించాలనుకునే తెలుగు పిల్లలకు ఇది ఏటా ఎదురయ్యే సంకటమే. ఒక్కో టికెట్ వంద డాలర్లు దాటడం అక్కడ మామూలు. రెండున్నర గంటలు నాన్నగారు చేతులు కట్టుకుని సీలింగ్ వైపు చూస్తూ కూర్చుంటే ఆ వందకు అర్థం లేదు. కాబట్టి టికెట్ కొనకముందే తేల్చుకోవాలి: ఈ మ్యూజికల్‌లో పాటలు ఈ మనిషికి పడతాయా, పడవా?

దీనికి అందరూ చేసే పని ఒకటుంది. ఆ మ్యూజికల్‌లో బాగా పేరున్న పాటను యూట్యూబ్‌లో పెట్టి వినిపించడం. 'విన్నావా, ఎంత బాగుందో!' అనడం. ఆయన 'బాగానే ఉంది' అంటే టికెట్లు కొనెయ్యడం. ఈ పరీక్ష దాదాపు ఎందుకూ పనికిరాదు. పాట నచ్చడం వేరు, కథ మధ్యలో పాత్ర లేచి పాడటాన్ని మనసు ఒప్పుకోవడం వేరు. మ్యూజికల్స్ గిట్టవనేవాళ్ళలో సంగీతం గిట్టనివాళ్ళు చాలా తక్కువ. పొద్దున్నే రేడియోలో ఘంటసాల లేనిదే కాఫీ తాగని మనిషి 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్' పెడితే పది నిమిషాల్లో లేచిపోవచ్చు. కాబట్టి ముందు కనిపెట్టాల్సింది ఆయనకు ఏది గిట్టదో.

దాన్ని ఆయన్నే అడిగితే 'నాకు పాటలు పడవు' అంటారే తప్ప అంతకుమించి చెప్పలేరు. అడగడం కంటే గమనించడం మేలు. ఏదైనా ఒక మ్యూజికల్ సినిమా ఇంట్లో పెట్టి, ఆయన చెయ్యి ఫోన్ మీదికి ఎప్పుడు వెళ్తుందో చూడాలి. పాట మొదటి వాక్యం దగ్గరే వెళ్తే ఆయనకు ఇబ్బంది మాట పాటగా మారే చోట ఉంది. పాట మొదట్లో విని, చరణం తిరిగి వచ్చేసరికి విసుగు పుడితే కథ ఆగిపోవడం ఆయనకు పడటం లేదు. మొదటి రెండు మూడు పాటలు హాయిగా విని, ముప్పావు గంట తర్వాత వాలిపోతే అది మోతాదు సమస్య. ఈ మూడూ వేరు వేరు జబ్బులు, ఒకదాని మందు ఇంకోదానికి పని చెయ్యదు. గొంతు తీరు పడకపోవడం నాలుగోది. బ్రాడ్‌వే నటులు ఛాతీ బలంతో పైస్థాయిలో గట్టిగా పట్టే ఆ పద్ధతి కొందరి చెవికి అరుపులా తోస్తుంది. అలాంటివాళ్ళ విషయంలో మాత్రం యూట్యూబ్ పాట పరీక్ష సరిపోతుంది. రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

మాట పాటగా మారే చోటు దగ్గరే ఎక్కువమంది జారిపోతారు కాబట్టి అక్కడ కాస్త నిలబడాలి. 2016 నాటి 'లా లా ల్యాండ్' మొదలవడమే లాస్ ఏంజెలెస్ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ జామ్‌తో మొదలవుతుంది. ఒకమ్మాయి కారు దిగి పాడుతుంది, పక్క కారువాళ్ళు దిగుతారు, కాసేపట్లో రోడ్డంతా డ్యాన్సు. దర్శకుడు డామియన్ చాజెల్ కావాలనే ముందుగా బల్ల గుద్ది చెప్పాడు: ఇదీ నా సినిమా, ఉంటే ఉండండి. ఈ ఘట్టానికి ముఖం చిట్లించినవాళ్ళకు ఆ తర్వాత కథలో పాటలు తక్కువేనన్న సంగతి తెలిసే అవకాశమే రాదు. నిజానికి ఆ సినిమా నడిమి భాగంలో చాలాసేపు మామూలు మాటలే ఉంటాయి.

ఈ అతుకు కనిపించకుండా చెయ్యడానికి సినిమావాళ్ళు చాలా తంటాలు పడ్డారు. అందరికంటే నిక్కచ్చిగా చేసినవాడు బాబ్ ఫాసీ. 'క్యాబరే' 1966లో బ్రాడ్‌వే మీదికి వచ్చిన మ్యూజికల్, సంగీతం జాన్ కాండర్, పాటలు ఫ్రెడ్ ఎబ్. 1930ల మొదట్లో, హిట్లర్ ఇంకా గద్దె ఎక్కకముందు బెర్లిన్‌లో ఒక నైట్ క్లబ్, దాని చుట్టూ కొన్ని జీవితాలు. నాటకంలో పాటలు రెండు రకాలు. క్లబ్ స్టేజి మీద కళాకారులు ప్రేక్షకుల కోసం పాడేవి కొన్ని. పాత్రలు తమ ఇళ్ళలో, తమ మనసులో మాటగా పాడేవి కొన్ని. ఇల్లు అద్దెకిచ్చే ఒక పెద్దావిడకు పళ్ళ వ్యాపారి ఒకాయన అనాసపండు తెచ్చి ఇస్తాడు, ఆ పండు మీద ఇద్దరూ ఒక ముద్దొచ్చే యుగళగీతం పాడుకుంటారు. 1972లో సినిమా తీస్తూ ఫాసీ ఈ రెండో రకాన్ని దాదాపు మొత్తంగా కత్తిరించేశాడు. అనాసపండు పాట పోయింది. ఇక మిగిలినవన్నీ క్లబ్ లోపలివే. లైజా మినెల్లీ పాడుతుందంటే ఆమె పాత్ర ఉద్యోగమే పాడటం. తెర ముందున్నవాడు 'ఈమె ఇప్పుడెందుకు పాడుతోంది?' అని అడగడానికి సందే లేదు.

క్లబ్ బయట పాట ఒక్కటే ఉంది, అదీ చెవులు రిక్కించి వినాల్సిందే. ఊరి బయట ఎండలో బీరు తోట, బల్లల దగ్గర కుటుంబాలు. బంగారు జుట్టు కుర్రాడు ఒకడు లేచి పాడతాడు. ముందు ముఖం ఒక్కటే కనిపిస్తుంది, గొంతు లేతగా, శ్రావ్యంగా ఉంటుంది. కెమెరా మెల్లగా కిందికి జరుగుతుంది. చేతికి నాజీ పట్టీ. ఒక్కొక్కరే లేచి గొంతు కలుపుతారు. పాట గట్టిపడుతుంది, మొహాలు బిగుసుకుంటాయి. ఒక ముసలాయన మాత్రం లేవకుండా బిక్కచచ్చి కూర్చుంటాడు. ఈ పాట కథను ఆపదు. దేశం ఎటు పోతోందో పేజీల కొద్దీ సంభాషణ చెప్పలేనిది మూడు నిమిషాల్లో చెబుతుంది. పైగా జనం పండగ రోజుల్లో, సభల్లో కలిసి పాడటం లోకంలో ఉన్నదే. ఆ సినిమాకు ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. అదే ఏడాది 'గాడ్‌ఫాదర్' ఉన్నా ఉత్తమ దర్శకుడు ఫాసీయే. పాటలంటే గిట్టనివారికి మొదట చూపించదగిన మ్యూజికల్ ఏదంటే చాలామంది ఈ పేరే చెప్పడానికి కారణం ఆస్కార్లు కావు, ఆ కత్తిరింపు.

ఇంకో దారి 2002 నాటి 'షికాగో'ది. హంతకురాలైన రాక్సీకి స్టేజి మీద తార కావాలని పిచ్చి. దర్శకుడు రాబ్ మార్షల్ పాటల్లో చాలావాటిని ఆమె ఊహలో పెట్టేశాడు. జైల్లో ఆమె మొదటి రాత్రి వినిపించేది కుళాయి కారే చుక్క. తర్వాత కాపలావాళ్ళ బూట్ల చప్పుడు, ఇనుప ఊచల మీద వేళ్ళ తాళం. ఆ చప్పుళ్ళన్నీ కలిసి లయ అవుతాయి, ఆ లయ మీద ఆరుగురు ఖైదీ ఆడవాళ్ళు తమ హత్యల కథలు పాడతారు. చూసేవాడు పాటలోకి అడుగు పెట్టినట్టు కూడా తెలియకుండా పెట్టేస్తాడు. ఐరిష్ సినిమా 'వన్స్' ఇంకా సులువు. 2007లో చాలా కొద్ది ఖర్చుతో తీసిన, గంటన్నర కూడా లేని ఈ సినిమాలో నాయకుడు డబ్లిన్ వీధుల్లో గిటార్ పట్టుకు పాడుకునేవాడు. నాయిక పియానో వాయిస్తుంది. వాద్యాల దుకాణంలో అతను తన పాట ఆమెకు ముక్కముక్కగా నేర్పుతాడు, ఆమె స్వరాలు వెతుక్కుంటూ అందుకుంటుంది. పాట తయారవడమే ఆ దృశ్యం. దాన్ని మ్యూజికల్ అని ఎవరూ చెప్పకపోతే చూసేవారికి తట్టదు కూడా.

తెలుగువారికి ఈ తేడా కొత్తదేమీ కాదు. 'శంకరాభరణం'లో శంకరశాస్త్రి పాడితే ఎవరూ చిరాకు పడరు, ఆయన సంగీత విద్వాంసుడు. 'సాగర సంగమం' అంతే. 'ఆర్ఆర్ఆర్'లో 'నాటు నాటు' కూడా ఈ కోవలోదే. దొరల విందులో ఒకడు అవమానిస్తే ఇద్దరు స్నేహితులు పోటీకి దిగుతారు, చివరిదాకా నిలబడ్డవాడు గెలిచినట్టు. ఆ పాట తీసేస్తే కథలో కొంత పోతుంది. అదే హీరో హీరోయిన్లు ఉన్నట్టుండి స్విట్జర్లాండ్ మంచులో తేలే యుగళగీతం తీసేస్తే కథకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ పాట వచ్చినప్పుడు టీ తాగడానికి లేచే మనిషి పాటల ద్వేషి కాదు, కథ ఆగడం ఆయనకు ఇష్టం లేదు. అలాంటి మనిషికి మంచి మ్యూజికల్ నచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువే. ఎందుకంటే 1943లో 'ఓక్లహామా!' వచ్చి బాగా ఆడినప్పటి నుంచి అమెరికన్ మ్యూజికల్ పట్టుదలగా పాటించిన నియమం ఒకటుంది: పాట మొదలైనప్పుడు పాత్ర ఉన్న చోటు, పాట ముగిసేటప్పటికి మారాలి. నిర్ణయం తీసుకోవాలి, గుట్టు బయటపడాలి, ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. టీకి లేస్తే కథలో ముక్క తప్పిపోతుంది. తమాషా ఏమిటంటే మన సినిమాపాటలను ప్రాణంగా ప్రేమించేవారే కొందరు బ్రాడ్‌వేలో నిరాశపడతారు. విడిగా పాడుకోవడానికి వీలుగా ఉండే పల్లవి కోసం వాళ్ళు వెతుకుతారు. అక్కడ సగం పాటలు పక్కవాడితో వాదనలాగా నడుస్తాయి.

మోతాదు సంగతి లెక్కతో తేలుతుంది. మ్యూజికల్ పాటల ఆల్బమ్ మొత్తం నిడివి ఎంతో చూసి, ప్రదర్శన నిడివి పక్కన పెట్టాలి. 'హామిల్టన్' ఆల్బమ్‌లో 46 పాటలున్నాయి, మొత్తం రెండుగంటల ఇరవై నిమిషాలు దాటుతుంది. ప్రదర్శన విరామంతో కలిపి రెండు గంటల నలభై, నలభై అయిదు. అంటే మాట్లాడే ఘట్టం దాదాపు లేనట్టే. 'లే మిజరాబ్ల' కూడా ఆ జాతే. ఫ్రెంచి దర్శకుడు జాక్ దెమీ 1964లో తీసిన 'ద అంబ్రెల్లాస్ ఆఫ్ షెర్బోర్గ్' దీనికి పరాకాష్ఠ. అందులో పెట్రోలు పోసినా, ఉత్తరం చదివినా పాటలోనే. సినిమా మొదట్లో గ్యారేజీలో పనివాళ్ళు సాయంత్రం ఎటు పోదామని మాట్లాడుకుంటారు, ఒకడు తనకు ఒపెరా పడదని, అలా పాడేవాళ్ళను చూడలేనని, సినిమాయే నయమని అంటాడు. ఆ మాట కూడా పాడే చెబుతాడు. దెమీ కొంటెతనం. అయితే ఆల్బమ్ లెక్కలో ఒక చిక్కు ఉంది. 1950, 60ల నాటి ఆల్బమ్‌లు ఎల్పీ రికార్డుకు సరిపడేలా చేసినవి. రెండు వైపులా కలిపి యాభై నిమిషాల చిల్లరే పట్టేది కాబట్టి నాట్యాల సంగీతం, చిన్న పాటలు కొన్ని వదిలేసేవారు. పాత మ్యూజికల్‌కు ఆల్బమ్ చెప్పేదానికంటే పాట కాస్త ఎక్కువే ఉంటుందని లెక్కవేసుకోవాలి. సినిమా ఆల్బమ్ అయితే చిక్కు తిరగబడుతుంది, నేపథ్య సంగీతం కూడా చేర్చి నిడివి పెంచేస్తారు.

ఆల్బమ్‌కు ఇంకో పెద్ద లోపం ఉంది. మధ్య సంభాషణలను అందులో చాలావరకు ఎత్తేస్తారు. అంటే ఇబ్బంది పెట్టే అతుకే అందులో వినిపించదు. కాబట్టి వినిపించడం కాదు, చూపించాలి, అదీ పాటకు ఒక నిమిషం ముందు నుంచి. పాటల ఎంపిక కూడా జాగ్రత్తగా చెయ్యాలి. 'వికెడ్' అనగానే అందరూ మొదటి అంకం చివర వచ్చే 'డిఫైయింగ్ గ్రావిటీ' పెడతారు. గంటకు పైగా కథ పేర్చి పేర్చి అక్కడికి చేరితేనే దానికి ఆ ఊపు. విడిగా పెడితే ఎవరో ఒకామె ఆకాశంలో అరుస్తున్నట్టుంటుంది. దానికి బదులు రెండు పాత్రలు మామూలుగా మాట్లాడుకుంటూ పాటలోకి వెళ్ళే ఘట్టం, కథ మధ్యలోది, ఒకటి చూపిస్తే మనిషి సంగతి తెలుస్తుంది. ఆ మధ్యరకం పాటే మ్యూజికల్‌లో ఎక్కువసేపు ఉంటుంది మరి.

ఇదంతా ఒక మనిషికి అన్వయించి చూద్దాం. డెబ్బై దాటిన ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు అనుకోండి. కూతురు ఎడిసన్‌లో ఉంటుంది. టీవీలో సినిమా చూస్తూ పాట రాగానే ఆయన రిమోట్ అందుకుంటారు. కూతురికి మ్యూజికల్స్ పిచ్చి. నాన్నకు పడవని ఆమె అనుకుంటుంది. కానీ ఆయన దాటించని పాటలేవో చూస్తే చిత్రం మారుతుంది. 'శంకరాభరణం' ముట్టుకోరు. అంతకంటే ముఖ్యం, చిన్నప్పుడు తెల్లవార్లూ పద్యనాటకాలు చూసిన మనిషి ఆయన. రాయబారం సీను ఇప్పటికీ పెట్టుకు వింటారు. ఆ నాటకంలో కృష్ణుడు గాయకుడు కాదు, సభలో కూర్చున్న రాయబారి. మాట్లాడుతూ మాట్లాడుతూ, హార్మోనియం శ్రుతి అందగానే పద్యం ఎత్తుకుంటాడు. మాట పాటగా మారే అతుకు అక్కడ నిక్షేపంగా ఉంది, మాస్టారుకు అది అసలు ఇబ్బందే కాలేదు. ఎందుకంటే ఆ పద్యం వాదన. అవతలివాడిని ఒప్పించడానికో, బెదిరించడానికో పాడుతున్నాడు. కాబట్టి ఆయనకు గిట్టనిది పాట కాదు, అతుకూ కాదు. పనిలేని పాట.

ఈ లెక్కన ఆయనకు 'హామిల్టన్' భేషుగ్గా పడాలి. అందులో అమెరికా తొలి మంత్రివర్గ సమావేశాలే వాదాలుగా నడుస్తాయి. హామిల్టన్, జెఫర్సన్ చేతిలో మైకులు పట్టుకుని దేశం అప్పుల మీద ర్యాప్‌లో కొట్లాడతారు, వాషింగ్టన్ మధ్యవర్తి. రాయబారం సీనుకు ఇంతకంటే దగ్గరి చుట్టం బ్రాడ్‌వేలో దొరకదు. కానీ ఇక్కడ భాష అడ్డం వస్తుంది. ర్యాప్ వేగం అమెరికాలో పుట్టినవాళ్ళకే ఒక్కోసారి అందదు, ఆ దేశపు తొలినాళ్ళ చరిత్ర తెలియకపోతే ఎవరు ఎవరిని దెప్పుతున్నారో పట్టుకోవడం ఇంకా కష్టం. దాని రంగస్థల ప్రదర్శనను చిత్రీకరించిన వీడియో 2020 జులై నుంచి డిస్నీ ప్లస్‌లో ఉంది. సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఆ మొదటి మంత్రివర్గ ఘట్టం వరకూ చూపిస్తే చాలు. ఆయన చదవడంలో మునిగిపోయి స్టేజి చూడటం మానేస్తే ఈ మ్యూజికల్‌కు ఆయన్ను తీసుకువెళ్ళకూడదు, కనీసం ఇప్పుడే వద్దు.

ఇంతకంటే మెరుగైన సంబంధం 'ఫిడ్లర్ ఆన్ ద రూఫ్'. 1964లో బ్రాడ్‌వేకి వచ్చింది, 1971లో నార్మన్ జ్యూసన్ సినిమా తీశాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రష్యాలో అనతెవ్కా అనే పల్లెలో టెవ్యే అనే యూదు పాలవాడు. అయిదుగురు కూతుళ్ళు. ఒకరి తర్వాత ఒకరు సంబంధాలు కాదని తమకు నచ్చినవాడిని చేసుకుంటామంటారు. తెలుగు తండ్రికి ఇందులో పరిచయం చెయ్యాల్సింది ఏమీ లేదు. సినిమా మూడు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. పాటలు డజనుకు పైగా ఉన్నా వాటి మధ్య మాటలు బోలెడున్నాయి, కాబట్టి మోతాదు మించదు.

ఇందులో రెండు ఘట్టాలు మాస్టారు వంటి వారికోసమే రాసినట్టుంటాయి. పెద్దకూతురిని డబ్బున్న కసాయి వ్యాపారికి ఇస్తానని టెవ్యే మాట ఇచ్చేశాడు. అమ్మాయి పేద దర్జీని ప్రేమించింది. తండ్రి కరిగిపోయాడు కానీ భార్యకు ఏం చెప్పాలి? అర్ధరాత్రి కేకలు పెట్టి లేచి, పీడకల వచ్చిందంటాడు. ఆ కసాయి చచ్చిపోయిన మొదటి పెళ్ళాం దయ్యమై వచ్చి, ఈ పెళ్ళి జరిగితే అమ్మాయి గొంతు పిసుకుతానందని చెబుతాడు. ఆ కలే ఒక పెద్ద పాట. శ్మశానం, దయ్యాలు, గోల. అంతా కట్టుకథ, భార్యను ఒప్పించడానికి మొగుడు ఆడిన అబద్ధం. పాట ముగిసేసరికి భార్య తనే సంబంధం మార్చేస్తుంది. పాటను తీసేస్తే కథ అక్కడే నిలబడిపోతుంది.

రెండోది ఇంకా చిన్నది. రెండో కూతురు కూడా ప్రేమించిందని తెలిశాక, పెద్దలు కుదిర్చిన పెళ్ళితో పాతికేళ్ళు కాపురం చేసిన టెవ్యే భార్యను అడుగుతాడు, నీకు నామీద ప్రేమ ఉందా అని. ఆవిడ ఇదేం ప్రశ్న, అజీర్తి చేసిందేమో పడుకోమంటుంది. ఆయన వదలడు. బట్టలుతికాను, వంట చేశాను, పిల్లల్ని కన్నాను అని ఆవిడ లెక్క చెబుతుంది. గొంతులు ఎక్కడా పైకి లేవవు. మాటకూ పాటకూ మధ్య ఎక్కడో నడుస్తుందంతే. పద్యం ఎత్తుకోవడానికి ముందు నటుడు రాగం తీసే ఆ సంధి ఘడియలోనే పాట మొత్తం ఉండిపోయినట్టు. ఈ మూడు నాలుగు నిమిషాలు చూసి మాస్టారు నవ్వితే ఇక సందేహం లేదు. నవ్వకపోతే మ్యూజికల్స్ మాట ఎత్తకుండా ఆయన్ను బేస్‌బాల్ ఆటకు తీసుకువెళ్ళడం ఉత్తమం.

అలాగని ఈ సినిమాలో ఆయనకు అడ్డంకులు లేవని కాదు. మొదట్లో ముగ్గురు కూతుళ్ళు పెళ్ళిళ్ళ పేరమ్మ మీద పాడే పాట తియ్యగా ఉంటుంది కానీ నెమ్మదిగా కదులుతుంది. పెళ్ళిలో పిల్లలు ఎప్పుడు ఇంతవాళ్ళయ్యారని పెద్దలు పాడే పాట దగ్గర కథ నిజంగానే ఆగుతుంది. కానీ కూతురి పెళ్ళి చేసిన తండ్రి అక్కడ రిమోట్ అందుకుంటాడా అన్నది అనుమానమే. కథ ఆగినా మనిషి కదిలితే ఫిర్యాదు రాదు.

ఇంట్లో సినిమాతో తేలిన ఫలితం స్టేజి దగ్గర మారవచ్చు, అదీ ఎక్కువగా మంచివైపే. సినిమాలో నిజమైన రోడ్డు, నిజమైన కార్లు, వాటి మధ్య మనిషి పాడితే కన్ను ఎదురు తిరుగుతుంది. స్టేజి మీద రోడ్డే అట్టముక్క. దాన్ని రోడ్డని ఒప్పుకున్న బుర్రకు పాట ఒప్పుకోవడం పెద్ద కష్టం కాదు. అందుకే 'లే మిజరాబ్ల' సినిమా సగంలో ఆపేసినవారు అదే నాటకాన్ని హాల్లో కన్నీళ్ళతో చూసి రావడం అరుదేమీ కాదు. కానీ రిమోట్ ఉండదు. మాటలు అందవేమోనన్న భయానికి బ్రాడ్‌వే థియేటర్లు చాలావాటిలో ఫోన్ తెరమీద సంభాషణలు చూపించే ఏర్పాటు ఉంది, బుక్ చేసేముందు అడిగి తెలుసుకోవచ్చు.

స్టేజి మీద అతుకును పూర్తిగా మాయం చేసిన ప్రదర్శన ఒకటుంది. 'వన్స్' సినిమాను 2012లో బ్రాడ్‌వేకి తెచ్చినప్పుడు స్టేజి మొత్తాన్ని డబ్లిన్ పబ్‌లాగా కట్టారు. నటులే వాద్యకారులు, వేరే ఆర్కెస్ట్రా లేదు. నాటకం మొదలవకముందు ప్రేక్షకులే స్టేజి ఎక్కి ఆ బార్‌లో పానీయం కొనుక్కోవచ్చు. వాళ్ళ పక్కనే నటులు ఫిడేళ్ళు, గిటార్లు వాయిస్తూ పాడుతుంటారు. లైట్లు ఇంకా వెలుగుతూనే ఉంటాయి. జనం మెల్లగా సీట్లలోకి చేరతారు, పాట ఆగదు, ఎప్పుడో తెలియకుండా కథ మొదలైపోయి ఉంటుంది. ఆ ఏడాది ఉత్తమ మ్యూజికల్‌గా టోనీ అవార్డు దానికే వచ్చింది. బ్రాడ్‌వేలో 2015లో ముగిసినా ఇతర ఊళ్ళ నాటక సంస్థలు దాన్ని ఆడుతూనే ఉన్నాయి. దగ్గర్లో ఎక్కడైనా ఆడితే, పాటలు పడని మనిషిని టికెట్ మీద ఉన్న వేళకు అరగంట ముందే హాల్లోకి చేర్చాలి.